మీరే పాడిన కీర్తనకు కాపీరైట్ క్లెయిమ్ వస్తే ఏం చేయాలి?

ఒక పిన్నిగారు త్యాగరాజ కీర్తన పాడి యూట్యూబ్‌లో పెట్టారనుకుందాం. గొంతు ఆవిడదే, రికార్డింగూ ఆవిడదే. వెనక శ్రుతి మాత్రం ఫోన్‌లోని తంబురా యాప్‌ది. త్యాగరాజస్వామి 1847లోనే సిద్ధి పొందారు కాబట్టి ఆ కృతి మీద ఇప్పుడు ఎవరికీ కాపీరైట్ లేదు. అయినా గంట తిరక్కుండానే, ఆవిడ ఎప్పుడూ పేరైనా వినని ఏదో ధ్యాన సంగీతం ఆల్బమ్ తరఫున క్లెయిమ్ వచ్చి పడుతుంది. చాలామంది ఇక్కడే టెన్షన్ పడి వీడియో తీసేస్తారు. తీసేయకండి. క్లెయిమ్ వేరు, ఛానెల్ మీదే పడే హెచ్చరిక లాంటి స్ట్రైక్ వేరు. క్లెయిమ్ వల్ల ప్రకటనల డబ్బు వాళ్లకు వెళ్లవచ్చు, వీడియో కొన్ని దేశాల్లో ఆగిపోవచ్చు, అంతేగానీ ఛానెల్ మీద మచ్చ పడదు.

ముందు, యంత్రం ఏం వింటుందో తెలుసుకోండి

క్లెయిమ్ వేసేది చాలాసార్లు మనిషి కాదు, ఎక్కించిన వీడియోలను పోల్చి చూసే కంటెంట్ ఐడీ అనే యంత్రం. యూట్యూబ్ 2007లో మొదలుపెట్టిన దానికి రాగమూ తెలియదు, త్యాగరాజూ తెలియదు. హక్కుదారులు తమ పాటల ప్రతులను దానికి ముందే ఇచ్చి ఉంచుతారు. వాటిని రిఫరెన్స్ ఫైళ్లంటారు. ప్రతి ఫైలు నుంచీ ఒక వేలిముద్ర తయారవుతుంది. కంటెంట్ ఐడీ లోపలి లెక్కలు బయటపెట్టలేదు కానీ, పాటను విని పేరు చెప్పే షాజామ్ వాళ్లు 2003లో తమ పద్ధతిని ప్రచురించారు. అది చూస్తే అసలు సూత్రం అర్థమవుతుంది. ధ్వనిని చిన్నచిన్న ముక్కలు చేస్తారు. ఒక్కో ముక్కలో ఏయే పౌనఃపున్యాలు గట్టిగా ఉన్నాయో చూసి చుక్కలు పెడతారు. ఏ చుక్కకు ఏ చుక్క ఎంత సమయం దూరంలో ఉందో రాసుకుంటారు. కొత్త పాటలోని దూరాలు పాత పాటలోని దూరాలతో వరసగా, అదే క్రమంలో కలిస్తే రెండూ ఒకే రికార్డింగ్ అని తేలుస్తారు.

ఇద్దరు గాయకులు ఒకే కీర్తన పాడినా ఈ పద్ధతిలో కలవవు. ఒకరి గమకం ఇంకొకరి గమకంతో సెకనులో వందో వంతు వరకూ సరిపోదు కదా. కానీ తంబురా యాప్ సంగతి అలా కాదు. దానిలోంచి వచ్చేది చాలాసార్లు ఒకే చిన్న రికార్డింగ్, మళ్లీ మళ్లీ తిరుగుతూ ఉంటుంది. పిన్నిగారు ఐదున్నర శ్రుతి పెట్టుకున్నారు. ఎక్కడో ఇంకొకాయన అదే యాప్‌లో అదే శ్రుతి పెట్టి, పైన కాస్త వేణువు ఊది ఆల్బమ్ చేశాడు. దాన్ని పంపిణీ సంస్థ ద్వారా రిఫరెన్స్‌గా ఎక్కించాడు. ఆయన ఫైల్లో వేణువు లేని చోట మిగిలేది తంబురా ఒక్కటే. పిన్నిగారు గొంతు ఎత్తకముందు వినపడేదీ అదే. యంత్రం దృష్టిలో రెండూ ఒకటే పాట! అసలు తంబురా మీటితే ఈ బాధ ఉండదు, ఏ రెండు మీట్లూ అచ్చం ఒకేలా పడవు.

ఇలా మళ్లీ మళ్లీ తిరిగే, అందరూ వాడుకునే లూపులు, ఎవరికి పడితే వారికి లైసెన్స్ ఇచ్చిన శబ్దాలు ఉన్న భాగాన్ని రిఫరెన్స్‌గా ఇవ్వకూడదని యూట్యూబ్ నియమం. కానీ ఎక్కించేవాడు ఒప్పుకుంటేనే కదా.

వీడియోకూ ఇలాంటి చిక్కే ఉంది. 2012 ఆగస్టులో క్యూరియాసిటీ రోవర్ అంగారకుడి మీద దిగినప్పుడు నాసా తన ఛానెల్లో పెట్టిన వీడియోనే ఒక వార్తా సంస్థ పేరిట వచ్చిన క్లెయిమ్ ఆపేసింది. నాసా దృశ్యాలకు సాధారణంగా అమెరికాలో కాపీరైట్ ఉండదు. అలాంటి దృశ్యాన్ని వాడుకున్న ఛానెల్ తన బులెటిన్ మొత్తాన్ని రిఫరెన్స్‌గా ఇస్తే, అందులోని పరాయి సొత్తు కూడా దాని ఖాతాలో పడిపోతుంది.

క్లెయిమ్ తెరిచి సమయం చూడండి

యూట్యూబ్ స్టూడియోలో `Content` పేజీకి వెళ్తే వీడియో పక్కన `Copyright` అని కనిపిస్తుంది. అక్కడ్నుంచి `See details` లోకి వెళ్లండి. వీడియోలో ఎక్కడి నుంచి ఎక్కడి దాకా కలిసిందో చూపిస్తుంది. రోగ నిర్ధారణంతా ఇక్కడే. పిన్నిగారి వీడియోలో 0:00 నుంచి 0:14 దాకా అని ఉంటే, ఆ పద్నాలుగు సెకన్లూ తంబురా తప్ప ఏమీ లేకపోతే, దోషం లూపుదే. అలా కాక, పాడిన భాగం మొత్తాన్ని చూపించి, కలిసింది రికార్డింగ్ కాదు స్వరరచన అంటే అది వేరే రకం. యూట్యూబ్ స్వరాన్ని కూడా పోల్చి చూస్తుంది. ఎవరో త్యాగరాజ కృతిని తమ రచనగా నమోదు చేసి ఉండవచ్చు.

క్లెయిమ్ నిజంగానే తప్పా?

ఈ ప్రశ్న నిజాయితీగా వేసుకోవాలి. అన్నమయ్య 1503లో పోయారు, ఆ సాహిత్యం అందరిదీ. కానీ మనం ఇవాళ పాడే వరసలు చాలావరకు 20వ శతాబ్దంలో కట్టినవి. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు ఎన్నో కీర్తనలకు స్వరం కట్టారు, 1979లో కన్నుమూశారు. మన చట్టంలో రచనకు రచయిత తరవాత 60 ఏళ్ల రక్షణ ఉంది కాబట్టి, ఆయన వరసల లెక్క 2039 చివరిదాకా నడుస్తుంది. ఆ హక్కు ఎవరి చేతిలో ఉందన్నది మరో సంగతి.

పాత గ్రామఫోన్ రికార్డు ఎక్కిస్తున్నారా? భారతదేశంలో రికార్డింగుకు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. 1960లో వచ్చిన రికార్డుకు 2020తో గడువు తీరింది. అమెరికాలో మాత్రం ఆ కాలపు రికార్డులకు గడువు ఇంకా చాలా ఉంది. అందుకే విజయవాడలో ఆడే వీడియో డల్లాస్‌లో ఉన్న కూతురికి కనపడకపోవచ్చు, అది యంత్రం తప్పు కానక్కర్లేదు.

డిస్ప్యూట్ వేయడం

తప్పేనని తేలితే `Dispute` నొక్కండి. క్లెయిమ్ వచ్చిన 5 రోజుల్లోపు వేస్తే, మొదటి రోజు నుంచీ వచ్చిన డబ్బును ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెడతారు. ఆలస్యమైతే డిస్ప్యూట్ వేసిన రోజు నుంచే. కారణం రాసేటప్పుడు "ఇది నా సొంతం, అన్యాయం" అని వాపోతే పని జరగదు. ఇలా రాయండి: "0:00 నుంచి 0:14 వరకు వినపడేది ఫలానా యాప్‌లోని తంబురా. ఆ యాప్ నిబంధనల ప్రకారం దాన్ని నా రికార్డింగులో వాడుకోవచ్చు. అది మీ ఆల్బమ్‌కే చెందిన శబ్దం కాదు. పాడినది నేను, కృతి త్యాగరాజుది." యాప్ నిబంధనలు నిజంగా అలా ఉన్నాయో లేదో ముందే చదివి, ఆ పేజీ స్క్రీన్‌షాట్ దాచుకోండి.

అవతలివాళ్లకు 30 రోజుల గడువు. పలకకపోతే క్లెయిమ్ దానంతటదే పోతుంది. తిరస్కరిస్తే అప్పీల్ వేయవచ్చు, దానికి వాళ్లు 7 రోజుల్లో బదులివ్వాలి. ఇక్కడ మాత్రం ఆలోచించి అడుగు వేయాలి. అప్పీల్ తరవాత కూడా వాళ్లు పట్టుబట్టి చట్టప్రకారం తొలగింపు నోటీసు ఇస్తే స్ట్రైక్ పడుతుంది. 90 రోజుల్లో మూడు పడితే ఛానెలే పోవచ్చు. దాన్ని ఎదుర్కొనే కౌంటర్ నోటిఫికేషన్‌లో మీ అసలు పేరు, చిరునామా అవతలివాళ్లకు వెళ్తాయి. పద్నాలుగు సెకన్ల తంబురా కోసం అంతదూరం వెళ్లాలా అంటే, నేనైతే ఆ ముక్క కత్తిరించేసి ఊరుకుంటాను. స్వరరచన మీద క్లెయిమ్ అయితే మాత్రం వదలను. ఊరుకుంటే అదే కృతి పాడే ప్రతివాళ్లకూ ఈ తలనొప్పి తప్పదు.

తరవాతి పాటకి

కొత్త వీడియో పెట్టేటప్పుడు ముందు `Private` లో ఉంచండి. ప్రచురించే ముందే `Checks` పేజీలో కాపీరైట్ తనిఖీ జరుగుతుంది. గొంతునూ తంబురానూ ఒకే ట్రాక్‌లో కలిపేయకుండా, చెవిలో ఇయర్‌ఫోన్‌తో శ్రుతి వింటూ పాడి, తంబురా తరవాత కలపండి. క్లెయిమ్ వస్తే ఆ లూపు మార్చుకుంటే చాలు, పాట మళ్లీ పాడక్కర్లేదు.