పాఠం 7: ఐగెన్ నిరూపకాల్లోకి వెళ్లడం, తిరిగి రావడం

x = (5, -1) కి ఐగెన్ నిరూపకాలు కనుక్కోమని గత పాఠం చివర ఇచ్చిన లెక్కకు ఎక్కువమంది (4, 7) అని పంపారు. కొందరు (3, 2) అన్నారు, ఇంకొందరు (3, -2) అన్నారు. చివరి రెండూ సరైనవే. (4, 7) మాత్రం తప్పు. ఈ తప్పు ఎక్కడ పుడుతుందో తెలిస్తే ఇవాళ్టి పాఠంలో సగానికి పైగా వచ్చేసినట్టే, అందుకే అక్కడి నుంచే మొదలుపెడుతున్నాను.

```
A = [4  1]    P = [1   1]    D = [5  0]
    [2  3]        [1  -2]        [0  2]
```

ఐగెన్ విలువలు 5, 2 అని, వాటి సదిశలు (1, 1), (1, -2) అని పోయినసారే కనుక్కున్నాం. ఆ సదిశలనే నిలువు వరుసలుగా పేరిస్తే P వచ్చింది, ఐగెన్ విలువలను అదే వరుసలో వికర్ణం మీద పెడితే D వచ్చింది. x = (5, -1) కి ఐగెన్ నిరూపకాలు ఎంత, అంటే x ని ఈ రెండు సదిశలతో కట్టడానికి ఒక్కొక్కటి ఎంతెంత కావాలి అన్నది ప్రశ్న.

(4, 7) వచ్చినవాళ్లు x ని P తో గుణించారు. "ఐగెన్ ఆధారంతో కట్టిన మాత్రిక కాబట్టి ఐగెన్ నిరూపకాల్లోకి తీసుకెళ్తుంది" అనుకోవడం వల్ల ఇలా జరుగుతుంది. P చేసేది సరిగ్గా దీనికి ఎదురు పని. P కి (1, 0) ఇచ్చి చూడండి, మొదటి నిలువు వరుస (1, 1) బయటకు వస్తుంది. ఐగెన్ నిరూపకాల్లో (1, 0) అంటే "మొదటి ఐగెన్ సదిశ ఒకటి, రెండోది సున్నా" అని. దాన్ని P మామూలు నిరూపకాల్లో (1, 1) గా చూపించింది. అంటే P లోపలికి వెళ్లేవి ఐగెన్ నిరూపకాలు, బయటకు వచ్చేవి మామూలు నిరూపకాలు. మనకు కావలసింది ఎదురు దిశ కాబట్టి వాడాల్సింది P⁻¹.

అయితే రెండు వరుసల లెక్కలో నేను విలోమ మాత్రిక జోలికి పోను. c₁(1, 1) + c₂(1, -2) = (5, -1) అయ్యే c₁, c₂ కావాలంతే:

c₁ + c₂ = 5
c₁ - 2c₂ = -1

పైదాంట్లోంచి కిందిది తీసేస్తే 3c₂ = 6. కాబట్టి c₂ = 2, c₁ = 3. సరిచూసుకుందాం: 3(1, 1) + 2(1, -2) = (5, -1). ఈ చివరి గుణకారం ప్రతిసారీ చేయండి. (4, 7) తో చేసి ఉంటే (11, -10) వచ్చి తప్పు అక్కడే దొరికిపోయేది.

(3, -2) రాసినవాళ్లు రెండో ఐగెన్ సదిశగా (-1, 2) తీసుకున్నారు. అదీ చెల్లుతుంది. సదిశను మార్చితే P మారుతుంది, నిరూపకాలు మారతాయి, D మాత్రం అలాగే ఉంటుంది. అందుకే జవాబుతో పాటు మీరు ఏ P వాడారో కూడా రాయండి. సదిశల వరుస తిప్పితే మాత్రం D లోని 5, 2 కూడా అదే వరుసలో తిరగాలి.

మరో పొరపాటు కూడా కనిపించింది. బిందు లబ్ధంతో c₁ కనుక్కోబోయి (5 - 1)/2 = 2 అని రాశారు. ఆ పద్ధతి ఐగెన్ సదిశలు ఒకదానికొకటి లంబంగా ఉన్నప్పుడే పనిచేస్తుంది. ఇక్కడ వాటి బిందు లబ్ధం 1 - 2 = -1, సున్నా కాదు. P⁻¹ బదులు P ట్రాన్స్‌పోజ్ రాసేయడమూ ఇలాంటి తప్పే. అలా రాయాలంటే A సౌష్ఠవ మాత్రిక అయినా సరిపోదు, ఐగెన్ సదిశలను పరస్పర లంబంగా, ఒక్కొక్కటీ ఏకాంక పొడవుతో ఎంచుకోవాలి.

ఇక అసలు పాఠం. ఐగెన్ నిరూపకాల్లో A చేసే పని D ఒక్కటే: మొదటి అంకెను 5 తో, రెండోదాన్ని 2 తో గుణించడం. (3, 2) కాస్తా (15, 4) అవుతుంది. తిరిగి P తో గుణిస్తే 15(1, 1) + 4(1, -2) = (19, 7). నేరుగా Ax లెక్కగట్టినా (20 - 1, 10 - 3) = (19, 7) వస్తుంది. రాతలో A = PDP⁻¹. x పక్కన కుడివైపు ఉన్నదే ముందు పనిచేస్తుంది కాబట్టి కుడి నుంచి ఎడమకు చదవండి: ముందు ఐగెన్ నిరూపకాల్లోకి, తర్వాత సాగదీత, ఆపైన వెనక్కి.

ఒక్కసారికి ఇది చుట్టు దారే. A ని పదిసార్లు వాడాల్సి వస్తే లాభం తెలుస్తుంది. ఐగెన్ నిరూపకాలు 3·5¹⁰ = 29296875, 2·2¹⁰ = 2048. వెనక్కి వస్తే (29298923, 29292779). మధ్యలో ఒక్క మాత్రిక గుణకారం కూడా లేదు.

ప్రతి మాత్రికకూ ఈ దారి ఉండదు. పైవరుస 1, 1, కిందివరుస 0, 1 ఉన్న మాత్రికకు ఐగెన్ సదిశలన్నీ (1, 0) దిశలోనే ఉంటాయి. రెండో దిశ లేదు కాబట్టి ఐగెన్ ఆధారమూ లేదు, P కట్టలేం.

అభ్యాసం ఒక్కటే ఇస్తున్నాను, తీరిగ్గా చేయండి. ఒక పరివర్తన (1, 1) ని కదల్చదు, (1, -2) ని సున్నా చేస్తుంది. దాని మాత్రికను మామూలు నిరూపకాల్లో కనుక్కోండి. తర్వాత దాన్ని దానితోనే గుణించి ఏం వచ్చిందో రాయండి. ఆ ఫలితం ముందే ఎందుకు తెలిసిపోవాలో D ని మాత్రమే చూసి ఒక్క వాక్యంలో చెప్పండి.