ట్రెండ్ డేటా చదవడం – 3వ పాఠం: మూసి ఉన్నట్టు కనిపించే హీటింగ్ వాల్వు

కిందటి పాఠంలో హీటింగ్, కూలింగ్ కమాండ్లు రెండూ ఒకేసారి సున్నాకి పైన ఉన్న సమయాలను వెతికాం. అది సులువు, కమాండ్లే చెప్పేస్తాయి. ఈసారి కమాండ్ 0% అనే ఉంటుంది, అయినా కాయిల్‌లో వేడినీళ్లు పారుతూనే ఉంటాయి. నన్నడిగితే పాత భవనాల్లో వెతకాల్సిన మొదటి దొంగ ఇదే. లోపల ఎవరికీ చలీ వెయ్యదు, ఉక్కా పొయ్యదు, కాబట్టి కంప్లైంటూ రాదు.

ఉదాహరణకి న్యూజెర్సీలో ఒక ఆఫీసు, ఏప్రిల్ నెల అనుకుందాం. బాయిలరూ చిల్లరూ రెండూ నడిచే కాలం అది. ఏహెచ్‌యూలో బయటి గాలి, తిరిగొచ్చిన గాలి కలిశాక ముందు వేడినీళ్ల కాయిల్, తర్వాత చల్లనీళ్ల కాయిల్, ఆఖరున ఫ్యాన్, దాని అవతల సప్లై గాలి సెన్సరు ఉన్నాయి. సెట్‌పాయింట్ 55 డిగ్రీల ఫారన్‌హీట్.

ఫ్యాన్ స్టేటస్, బయటి గాలి (OAT), కలిసిన గాలి (MAT), సప్లై గాలి (DAT), రెండు వాల్వుల కమాండ్లు (HWV, CHWV): వీటిని 5 నిమిషాలకోసారి, అన్నిటికీ ఒకే సమయానికి పడేలా, రెండు వారాలు ట్రెండ్ పెట్టండి. గంట సగటు మాత్రం వద్దు, వాల్వు తెరుచుకుని మూసుకున్న సంగతి అందులో కలిసిపోతుంది. ఫ్యాన్ మొదలైన తొలి అరగంటని లెక్కలోంచి తీసేయండి.

రెండు వరసలు చూద్దాం:

```
time   OAT   MAT   DAT   HWV  CHWV
06:40  45.1  47.5  55.0   0    0
10:15  52.0  52.2  55.0   0    31
```

ఉదయం 6:40కి రెండు వాల్వులూ మూసే ఉన్నాయి, కానీ గాలి 7.5 డిగ్రీలు వేడెక్కింది. ఫ్యాన్, దాని మోటారు వల్ల గాలి ఒకటి రెండు డిగ్రీలు పెరగడం మామూలే. ఇక్కడ 1.5 అనుకుంటే మిగతా 6 డిగ్రీలు ఎక్కడివి? అప్పటికి చిల్లర్ మీద భారం లేదు, ఎందుకంటే ఎకనమైజర్ డ్యాంపర్లు బయటి చల్లగాలిని ఎక్కువగా లాగి ఆ వేడిని కప్పిపుచ్చుతున్నాయి. కూలింగ్ వాల్వు మీదే కన్నేసిన వాళ్లకి ఈ దశ అసలు కనబడదు.

10:15కి డ్యాంపర్లు పూర్తిగా తెరుచుకున్నాయి. ఇక లాగడానికి ఇంతకన్నా చల్లగాలి లేదు, చల్లనీళ్ల వాల్వు 31% తెరుచుకుంది. వింత ఏమిటంటే, కూలింగ్ నడుస్తుండగా బయటికొచ్చే గాలి లోపలికెళ్లిన గాలి కన్నా 2.8 డిగ్రీలు వేడిగా ఉంది. లీకు లేకపోతే 52.2కి ఫ్యాన్ వేడి కలిసి 53.7 అయ్యేది, కూలింగ్ అవసరమే వచ్చేది కాదు.

స్ప్రెడ్‌షీట్‌లో B ఫ్యాన్ (నడుస్తుంటే 1), D కలిసిన గాలి, E సప్లై గాలి, F హీటింగ్, G కూలింగ్ అయితే:

```
=IF(AND(B2=1,F2=0,G2=0),E2-D2,"")
=IF(AND(B2=1,F2=0,G2>10,E2>D2+2),1,"")
```

మొదటి కాలమ్ 3 డిగ్రీలు దాటి అక్కడే నిలిచినా, రెండోదాంట్లో 1లు వరసగా పడినా అనుమానించాలి.

అనుమానమే, తీర్పు కాదు. సెన్సరు అబద్ధం చెప్పినా ఇవే అంకెలు వస్తాయి. 10:15కి OAT, MAT దాదాపు ఒకటే కాబట్టి ఆ రెంటి మీదా కొంత నమ్మకం కుదిరింది, సప్లై సెన్సరే తేలాలి. బయట 50 డిగ్రీలు దాటిన రోజు చూసుకుని (చలికాలంలో వద్దు, కాయిల్ గడ్డకట్టి పగలొచ్చు) వేడినీళ్ల కాయిల్ చేతి వాల్వు మూయించి, చల్లనీళ్ల వాల్వు కమాండ్ 0 దగ్గర నిలిపి అరగంట ఆగండి. తేడా 1.5కి పడిపోతే లీకే. 7.5 దగ్గరే ఉంటే సెన్సరు మార్చండి. పైపు మీద చెయ్యి పెట్టి తేల్చేయడం నాకు ఇష్టం లేదు, వాల్వు మూసున్నా దాని పక్క పైపు కొంతవరకు వేడెక్కుతుంది.

లీకని తేలాక నష్టం ఎంతో చూద్దాం. గాలి 10,000 సీఎఫ్ఎం అయితే కాయిల్ ఇచ్చే వేడి 1.08 × 10,000 × 6 = 64,800, అంటే గంటకి అన్ని బీటీయూలు. బాయిలర్ సామర్థ్యం 80% అయితే గంటకి సుమారు 0.8 థర్మ్ గ్యాసు. 10:15కి దాన్ని చల్లార్చడానికి చిల్లర్ 59.7 నుంచి 55కి, అంటే 4.7 డిగ్రీలు దించుతోంది. అది 4 టన్నుల పైమాటే.

రిపేరుకి పిలిచేటప్పుడు "వాల్వు మార్చండి" అని మాత్రం రాయకండి. సీటు మీద చెత్త ఇరుక్కుందా, యాక్చువేటర్ లింకేజీ జారిందా, లేక పంపు ఒత్తిడికి ఎదురుగా మూసే బలం యాక్చువేటర్‌కి లేదా చూడమనండి. మూడోదైతే కొత్త వాల్వు వేసినా పాత యాక్చువేటర్‌తో మళ్లీ ఇదే కథ. పని అయ్యాక మరో వారం ట్రెండ్ తీసి, మొదటి కాలమ్ 2 డిగ్రీల లోపు ఉంటేనే బిల్లు మీద సంతకం పెట్టండి.

ఈ వారం అభ్యాసం: పై పట్టికలో 10:15 వరసలో MAT 58 అయి, మిగతావన్నీ అలాగే ఉంటే లీకు ఉందని చెప్పగలరా? ఎందుకో రెండు వాక్యాల్లో రాసి ఉంచండి. నాలుగో పాఠంలో రీహీట్ ఉన్న వీఏవీ బాక్సులు చూసే ముందు దానితోనే మొదలుపెడతాం.