కేరళ పంచకర్మకు బయలుదేరే ముందు బీమా ఉన్నవారు చూసుకోవలసినవి

మా బంధువుల ఆవిడ క్లెయిమును బీమా కంపెనీ గత వారం తిరస్కరించింది. ఆవిడకు నడుములో డిస్కు జారి కాలు లాగేస్తోంది. రెండు వారాలు కేరళలో ఉండి పంచకర్మ వైద్యం చేయించుకున్నారు. నొప్పి నిజం, వైద్యమూ నిజమే. కానీ చేరినప్పటి కాగితంలో రాసింది ‘పునరుజ్జీవన ప్యాకేజీ’ అని. ఆ మాటతోనే క్లెయిము పోయింది. జూలై మధ్యలో కర్కాటక మాసం మొదలవుతుంది, అప్పుడు మనవాళ్లు చాలామంది ఈ చికిత్సకే కేరళ వెళతారు. అందుకే ఇప్పుడే చెబుతున్నాను: ప్యాకేజీ పేరు మీద చేరవద్దు.

ఆయుర్వేదం, హోమియో లాంటి ఆయుష్ చికిత్సలను మిగతా వైద్యంతో సమానంగా చూడాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ చెప్పింది. అది 2024 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. దాంతో ఆయుర్వేదం అంటే చాలు, డబ్బు వచ్చేస్తుందని కొందరు అనుకుంటున్నారు. సమానం అంటే షరతులూ సమానమే. జబ్బు ఉండాలి, దానికి ఆసుపత్రిలో చేరక తప్పదని వైద్యుడు రాయాలి, సాధారణంగా కనీసం 24 గంటలు లోపల ఉండాలి. విశ్రాంతికి, ఒంటికి బలం రావడానికి చేరితే పాలసీలు సాధారణంగా తోసిపుచ్చుతాయి.

ఆవిడ కాగితంలో ఉండవలసింది ఇది: జబ్బు పేరు, ఎంతకాలంగా ఉంది, ఎంఆర్‌ఐలో ఏం కనిపించింది, మందులు వాడినా ఎందుకు తగ్గలేదు, ఇంటి నుంచి వచ్చిపోతూ చేయించుకుంటే ఎందుకు చాలదు. వీటి తరువాతే ఏ రోజు ఏ చికిత్స చేశారన్న వివరం. డిశ్చార్జి పత్రంలోనూ అదే జబ్బు పేరు రావాలి.

ఇక ఆసుపత్రి. ప్రభుత్వానిదో, గుర్తింపు పొందిన ఆయుష్ కళాశాలకు అనుబంధంగా ఉన్నదో అయితే చిక్కు తక్కువ. ప్రైవేటుదైతే కనీసం 5 పడకలు, రాత్రింబవళ్లు బాధ్యత వహించే అర్హుడైన ఆయుష్ వైద్యుడు, చికిత్సకు ప్రత్యేక గదులు, రోజువారీ రికార్డులు ఉండాలి. పొద్దున ఒకసారి వైద్యుడు వచ్చి వెళ్లే రిసార్టు ఆసుపత్రి కాదు, బోర్డు మీద ఏం రాసుకున్నా సరే.

అడ్వాన్సు కట్టకముందే ఆసుపత్రి పేరు, జబ్బు పేరు, చికిత్సలు రాసి బీమా కంపెనీకి ఈమెయిలు పంపండి. జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. ఏజెంటు ఫోనులో చెప్పిన మాట లెక్కలోకి రాదు. వెన్ను, కీళ్ల జబ్బులకు చాలా పాలసీలలో మొదట కొంతకాలం క్లెయిము ఇవ్వని నిరీక్షణ కాలం ఉంటుంది, అది పూర్తయిందో లేదో చూడండి. ఆయుష్‌కు వేరే పరిమితి ఉందేమో పాలసీ పత్రంలో చదవండి. హోమియో క్లినిక్‌కు వెళ్లి మందులు తెచ్చుకుంటే అది ఆసుపత్రి చేరిక కాదు. గది, వైద్యుడు, చికిత్స, మందులు విడివిడిగా ఉన్న బిల్లు అడగండి. ఒకే మొత్తం రాసిచ్చిన ప్యాకేజీ బిల్లు తీసుకోవద్దు. రోజువారీ కేసు షీటు నకలు లేకుండా బయటికి రావద్దు. క్లెయిము తిరస్కరిస్తే కారణం రాతలో అడగండి, ముందు కంపెనీకే ఫిర్యాదు చేయండి. అక్కడ న్యాయం జరగకపోతే, వాళ్లు చివరిగా కాదన్న నాటి నుంచి ఏడాదిలోపు ఇలాంటి ఫిర్యాదులు విచారించే బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లండి.