గోల్డ్ ఈటీఎఫ్ సరైన ధరకు కొనడం ఎలా?

డీమ్యాట్ ఖాతా, ట్రేడింగ్ యాప్ ఉంటే చాలు. ఫండ్ పేరు వెతకడం, ఖాతాలో డబ్బు వేయడం ఎవరికైనా వచ్చేవే.

కష్టమంతా ధర చూడటంలోనే. చాలామంది నిన్న రాత్రి వచ్చిన ఎన్ఏవీతో, అంటే రోజు ముగిశాక ఫండ్ లెక్కగట్టిన యూనిట్ విలువతో పోల్చుకుని, ఎక్కువ పెట్టేశామని టెన్షన్ పడతారు. పొద్దున్నుంచి బంగారం ధర మారితే ఆ ఎన్ఏవీ పాతబడినట్టే. ఫండ్ సంస్థ వెబ్‌సైట్‌లో పగలంతా మారే iNAV ఉంటుంది. ఫండ్ దగ్గరున్న బంగారానికి ఇప్పటి లెక్కన యూనిట్‌కి ఎంతో అది చెబుతుంది. పోల్చాల్సింది దాంతోనే.

ధరను ఆ విలువకు దగ్గరగా లాగేది పెద్ద డీలర్లు. వీళ్లనే ఆథరైజ్డ్ పార్టిసిపెంట్లు అంటారు. మనం ఎక్స్ఛేంజీలో ఇంకొకరి దగ్గర యూనిట్లు కొంటాం. వీళ్లు ఫండ్‌కే బంగారం ఇచ్చి కొత్త యూనిట్లు తీసుకోగలరు, యూనిట్లు తిరిగిచ్చి బంగారం తెచ్చుకోగలరు.

ఒక లెక్క చూద్దాం. యూనిట్ వెనక 0.01 గ్రాము ఉందనుకుంటే, కిలో బంగారానికి లక్ష యూనిట్లు. iNAV 100 రూపాయలు, మార్కెట్ ధర 101.50 అనుకోండి. డీలర్ కోటి రూపాయలకు కిలో బంగారం కొని ఫండ్‌కి ఇస్తాడు. వచ్చిన లక్ష యూనిట్లు అమ్మితే కోటీ లక్షన్నర. ఖర్చులు పోగా మిగిలేది లాభం. సాధారణంగా చేతిలో ఉన్న యూనిట్లు ముందే అమ్మేసి, అదే సమయానికి బంగారం కొంటాడు. లేకపోతే ఈలోగా బంగారం ధర కదిలి లాభం పోతుంది. ఆ అమ్మకాల ఒత్తిడికే యూనిట్ ధర దిగుతుంది.

ధర 99కి పడితే ఇదే తిరగబడుతుంది. లక్ష యూనిట్లు 99 లక్షలకు కొని, ఫండ్‌కి ఇచ్చి, కిలో బంగారం తీసుకుంటాడు. ఆ కొనుగోళ్లకు ధర లేస్తుంది. నిజానికి నిర్వహణ ఖర్చుల వల్ల యూనిట్ వెనక బంగారం 0.01 గ్రాము కన్నా కాస్త తగ్గుతూ వస్తుంది. అందుకే ఈ మార్పిడిలో కొంత నగదు కూడా చేతులు మారుతుంది.

తేడా ఖర్చుల కన్నా చిన్నదైతే డీలర్ కదలడు. కాబట్టి కొన్ని పైసల తేడా ఎప్పుడూ ఉంటుంది, పట్టించుకోవద్దు. మార్కెట్ తెరవగానే మాత్రం కొనకండి, పదిన్నర దాటాలి. అప్పటికి అమ్మేవాళ్లు, కొనేవాళ్లు కుదురుకుంటారు. అప్పుడు దొరికిన ధరకే కొనేసే మార్కెట్ ఆర్డర్ అసలు వద్దు. మీరు చెప్పిన ధర దాటి కొనని లిమిట్ ఆర్డర్‌ను iNAV మీద పది, ఇరవై పైసల్లోపు పెట్టండి.

iNAV కన్నా ఎక్కువున్న ధరను ప్రీమియం అంటారు. రోజంతా అది తగ్గకపోతే డీలర్లకు లోహం దొరకడం లేదేమోనని అనుమానించాలి. 2025 అక్టోబరులో వెండికి అలాగే జరిగింది. సరుకు కొరతతో వెండి ఈటీఎఫ్‌లు విలువకు చాలా పైన ట్రేడయ్యాయి. అలాంటప్పుడు కొంటే, సరుకు మళ్లీ దొరికిన రోజున వెండి ధర తగ్గకపోయినా ప్రీమియం మేరకు మీ డబ్బు పోతుంది.