సబ్సిడీ ఆలస్యమైతే ఏమవుతుందో మీ షీట్ నిజంగా చెబుతోందా? సోలార్ ఇన్‌స్టాలర్లకు సమస్య - పరిష్కారం

ఇళ్ల మీద సోలార్ బిగించే వ్యాపారుల క్యాష్ ఫ్లో షీట్లు నా దగ్గరికి తరచూ వస్తుంటాయి. అన్నింట్లోనూ సెన్సిటివిటీ టేబుల్ ఉంటుంది, మూడు సినారియోలు ఉంటాయి, చివర్లో ఆకుపచ్చ రంగు ఉంటుంది. అయినా జూన్ వచ్చేసరికి ప్యానెళ్ల డీలర్‌కి కట్టడానికి అకౌంట్లో డబ్బు ఉండదు. షీట్ తయారు చేయడం మీకు వచ్చు అనుకునే ఇది రాస్తున్నా.

ఉదాహరణకు ఒక మామూలు కేసు తీసుకుందాం. పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్ల సిస్టమ్, ధర పన్నుతో కలిపి ₹1,95,000. సబ్సిడీ ₹78,000 కస్టమర్ ఖాతాలోకే వెళ్తుంది, అదీ నెట్ మీటర్ పడి కమిషనింగ్ అయ్యాక. కాబట్టి కస్టమర్ బిగించిన నెలలో ₹1,17,000 ఇచ్చి, మిగతాది సబ్సిడీ పడ్డాక ఇస్తానంటాడు, పోటీ వల్ల మీరూ ఒప్పుకుంటారు. మీ ఖర్చు ఒక్కో ఇంటికి ₹1,65,000, అంతా ఆ నెలలోనే. నెలకు 10 ఇళ్లు, ఆఫీసు ఖర్చు నెలకు ₹1.8 లక్షలు, ఏప్రిల్ 1న చేతిలో ₹12 లక్షలు, మార్చిలో బిగించిన 10 ఇళ్ల సబ్సిడీ భాగం ₹7.8 లక్షలు ఏప్రిల్లో రావాలి. సబ్సిడీ డబ్బు ఒక నెలలో వస్తే నెలకు ₹1.2 లక్షలు మిగులుతుంది.

టేబుల్ గడులన్నింట్లో ఒకే అంకె

ముందు ఇది చూడండి, దయచేసి. `Formulas > Calculation Options` లో `Automatic Except for Data Tables` అని ఉంటే F9 నొక్కేదాకా టేబుల్ కదలదు. అది సరిగ్గానే ఉంటే, టేబుల్‌కి ఇచ్చిన ఇన్‌పుట్ గడిని చేత్తో మార్చి చివరి నిల్వ మారుతుందేమో చూడండి. మారకపోతే మధ్యలో ఎక్కడో ఎవరో ఫార్ములా మీద అంకె టైప్ చేసేశారు. ఈ రెండూ చూడకుండా షీట్ మొత్తం మళ్లీ కట్టేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

ఆలస్యం 1 నెల నుంచి 3 నెలలు చేసినా ఏమీ కాదంటోంది

అసలు దొంగ ఇక్కడున్నాడు. ఫార్ములా తప్పు కాదు, లింకులు తెగలేదు, ఎర్రర్ రాదు. చాలా షీట్లలో ఏప్రిల్‌కి ఎడమ పక్కన జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల పాత ఇన్‌స్టాలేషన్లు ఉంటాయి, సబ్సిడీ వసూళ్ల వరస ఇలా ఉంటుంది (B2లో ఆలస్యం నెలల్లో, B3లో 78000, 5వ వరసలో నెలవారీ ఇళ్ల సంఖ్య, ఏప్రిల్ F కాలమ్):

```
=OFFSET(F5,0,-$B$2)*$B$3
```

B2లో 1 ఉంటే ఏప్రిల్ గడి మార్చిని చూస్తుంది, అది సరైనదే. 3 పెట్టగానే అదే గడి వెనక్కెళ్లి జనవరిని చూస్తుంది. కానీ జనవరి ఇళ్ల సబ్సిడీ భాగం ఫిబ్రవరిలోనే వచ్చేసింది, మీ ₹12 లక్షల్లో అది కలిసే ఉంది! షీట్ దాన్ని ఏప్రిల్లో మళ్లీ వసూలు చేస్తోంది. మే నెలలో ఫిబ్రవరి ఇళ్లది కూడా అలాగే, రెండోసారి. పాత నెలల్లోనూ 10 ఇళ్లే ఉంటే ఎంత ఆలస్యం పెట్టినా నెలకు ₹7.8 లక్షలు వస్తూనే ఉంటాయి, అందుకే ఏ అంకే మారదు, చూసినవాడు "మనకు ఆలస్యం పెద్ద సమస్య కాదు" అనుకుంటాడు.

పట్టుకోవడం సులువు. బకాయిల వరస ఒకటి పెట్టండి: పాత బకాయి, దానికి ఈ నెల కొత్త బకాయి కలిపి, వసూలైంది తీసేయాలి. నెలకు 10 ఇళ్లు, 3 నెలల ఆలస్యం అంటే జూన్ చివర్లో జనం దగ్గర ₹23.4 లక్షలు ఉండాలి. మీ షీట్ ₹7.8 లక్షలే చూపిస్తుంటే తేడా ₹15.6 లక్షలు, అది ఎవరూ మీకివ్వని డబ్బు.

సరిచేయాలంటే పాత బకాయిలను ఫార్ములా నుంచి విడదీయండి. ఏప్రిల్ 1 నాటికి ఏయే కస్టమర్ ఎంత ఇవ్వాలో చూసి, ఏ నెలలో వస్తుందో వేరే వరసలో చేత్తో రాయండి. కొత్త ఇళ్లకు మాత్రం ఇది:

```
=IF(COLUMN()-$B$2<COLUMN($F$5),0,
 INDEX($5:$5,COLUMN()-$B$2)*$B$3)
```

B2లో పూర్తి నెలలే పెట్టండి, 1.5 అంటే ఇది 2 అన్నట్టే లెక్కేస్తుంది.

ఇప్పుడు 3 పెట్టి చూడండి. ఏప్రిల్ చివర ₹13.2 లక్షలు, మే చివర ₹6.6 లక్షలు, జూన్ చివర సున్నా. జులై నుంచి మళ్లీ నెలకు ₹1.2 లక్షలు చొప్పున పెరిగి వచ్చే మార్చికి ₹10.8 లక్షలు అవుతుంది. అందుకే టేబుల్ ఫలితంగా మార్చి నిల్వ పెట్టొద్దు, అది జూన్‌ను దాచేస్తుంది. నిల్వల వరస 20 అయితే:

```
=MIN($F$20:$Q$20)
```

ఇది నెలాఖరు లెక్కే, డీలర్‌కి 5వ తేదీన కట్టి కస్టమర్ దగ్గర 25న తీసుకునేవాళ్లకు నెల మధ్యలో ఇంకా లోతుకు పోతుంది.

చెడ్డ సినారియోలో కూడా అంతా బాగుంది

ఎందుకంటే చెడ్డది అనగానే అందరూ అమ్మకాలు తగ్గిస్తారు. పైన లెక్కలోనే మే నుంచి నెలకు 5 ఇళ్లు, ఆలస్యం 3 నెలలు పెట్టండి: కనిష్ఠ నిల్వ ₹4.8 లక్షలు, అంటే 10 ఇళ్లప్పటి కంటే మెరుగు. ఇప్పుడు 20 ఇళ్లు పెట్టండి. జులై చివర మైనస్ ₹13.2 లక్షలు. మార్చి నిల్వ మాత్రం ₹20.4 లక్షలు, మూడింట్లోనూ అదే ఎక్కువ! ఒక్కో ఇల్లు బిగించిన నెలలో మీ జేబులోంచి ₹48,000 పోతుంది, కాబట్టి ఎక్కువ ఇళ్లు అంటే ముందు ఎక్కువ అప్పు.

అమ్మకాలు పెరగడం, డబ్బు ఆలస్యం కావడం, ఈ రెండూ విడివిడిగా రావు కూడా. ఎండాకాలంలో కరెంటు బిల్లులు చూసి అందరూ ఒకేసారి దరఖాస్తు పెడితే డిస్కం ఇన్‌స్పెక్షన్‌కీ, నెట్ మీటర్‌కీ క్యూ పెరుగుతుంది. అందుకే ఒక్కోటి విడిగా మార్చే టేబుల్ చాలదు, `Data > What-If Analysis > Data Table` లో ఇళ్ల సంఖ్య అడ్డంగా, ఆలస్యం నిలువుగా పెట్టి, మూల గడిలో ఆ కనిష్ఠ నిల్వ పెట్టండి. సినారియోల్లో "అమ్మకాలు బాగా, డబ్బు ఆలస్యంగా" అనేది తప్పనిసరిగా ఉండాలి.

మిగతావి

ప్యానెళ్ల ధర ఐదు శాతం పెరిగితే లాభం తగ్గుతుంది, కానీ జూన్‌లో ఖాళీ అయ్యేది సాధారణంగా దానివల్ల కాదు. జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి సోలార్ పరికరాల మీద 12 నుంచి 5 శాతానికి తగ్గింది, షీట్‌లో పాతది ఉంటే మార్చండి. ఓడీ వడ్డీ వల్ల వచ్చే సర్క్యులర్ రిఫరెన్స్ అరుదు, వడ్డీని ముందు నెల నిల్వ మీద లెక్కేస్తే పోతుంది.

మైనస్ కనిపించాక ఏం చేయాలో కూడా అదే షీట్ చెబుతుంది. కస్టమర్లలో సగం మంది బ్యాంకు లోన్‌తో బిగించిన నెలలోనే మొత్తం కట్టేలా ఏప్రిల్ నుంచి ఏర్పాటు చేశారనుకోండి, సగటున ఇంటికి ముందు వచ్చేది ₹1,56,000, తర్వాత వచ్చేది ₹39,000. ఈ రెండు గడులూ మార్చండి. అదే 20 ఇళ్లు, అదే 3 నెలల ఆలస్యం, కనిష్ఠ నిల్వ మైనస్ ₹13.2 లక్షల నుంచి ప్లస్ ₹9.9 లక్షలకు వస్తుంది. డీలర్‌తో ధర తగ్గించమని బేరమాడే ముందు ఈ మార్పు ప్రయత్నించండి.