పుట్టిన తేదీ తీసేసినా వయసు తెలిసిపోతుంది
ఉద్యోగం కోసం పెట్టే ప్రొఫైల్‌లో వయసు, పెళ్లి, మతం, జీతం రాయకండి. పుట్టిన తేదీ ఒక్కటి తీసేస్తే సరిపోదు. ఈమెయిల్ చివర 1984 ఉన్నా, డిగ్రీ పక్కన 2005 ఉన్నా వయసు ఇట్టే లెక్కకట్టేస్తారు. పుట్టిన ఏడు లేని మెయిల్ ఐడీ పెట్టుకోండి, చదువు దగ్గర సంవత్సరం తీసేయండి. పరిచయంలో ‘ఇద్దరు పిల్లల తల్లి’ లాంటి మాటలూ వద్దు.

జీతం దగ్గర మరీ జాగ్రత్త. ఇప్పుడు 40,000 వస్తోందని రాస్తే, వాళ్లు 70,000 దాకా ఇవ్వగలిగినా బేరం 40,000 దగ్గరే మొదలవుతుంది. అడిగినప్పుడు పాత జీతం కాకుండా, ఆ పనికి మీరు ఆశించే మొత్తం చెప్పండి.

అన్నీ మార్చాక లాగౌట్ అయి, బయటివాళ్లకు ఏం కనిపిస్తోందో చూడండి. వివరాలన్నీ ఉన్న పాత రెజ్యూమె ఫైలు చాలాసార్లు అక్కడే ఉండిపోతుంది. దాన్నీ తొలగించండి.