కుట్టుకూలి పెంచుతూ పాత కస్టమర్లకు ఉత్తరం పంపేముందు జాగ్రత్తలు

• ముందు ఆర్డర్ పుస్తకం తీయండి. పాత రేటుకు ఒప్పుకుని ఇంకా కుట్టనివి విడిగా రాసుకోండి. వాటికి పాత కూలే తీసుకోవాలి. ఆ మాట ఉత్తరంలో లేకపోతే వచ్చే ఫోన్లన్నీ దాని గురించే.

• శ్రావణం రద్దీలో పంపితే అవసరం చూసి పెంచారనుకుంటారు. ఆషాఢం మొదట్లోనే పంపండి. కొత్త రేటు బట్ట ఇచ్చిన తేదీని బట్టా, డెలివరీ తేదీని బట్టా? బట్ట ఇచ్చిన తేదీయే న్యాయం, ఎందుకంటే ఆలస్యం మన వల్ల కూడా కావచ్చు.

• "కొద్దిగా పెరిగింది" అని రాయొద్దు. లైనింగ్ జాకెట్టు 600 నుంచి 700 అయితే ఆ రెండు అంకెలూ వేయండి. లైనింగ్ బట్ట అందులో కలిసిందో లేదో చెప్పండి. ఫాల్, పీకో మారకపోతే అదీ రాయండి.

• కారణానికి ఒక్క వాక్యం చాలు:

"అమ్మా, నమస్కారం. మాస్టర్ల కూలి, లైనింగ్ ధర పెరిగినందున ఆషాఢ పౌర్ణమి తర్వాత మీరు బట్ట ఇచ్చే లైనింగ్ జాకెట్లకు 700 తీసుకుంటాం. అంతకుముందు ఇచ్చినవాటికి 600 మాత్రమే. దయచేసి గమనించగలరు."

• ఇన్నాళ్లూ తగ్గించి తీసుకున్నవాళ్లకు మాత్రం ముందు ఫోన్ చేయండి. వాళ్ల పాత రేటు వేరు కాబట్టి ఈ అంకెలు సరిపోవు.